ధోల్‌పూర్ హౌస్‌లో తొలి అర నిమిషం

ఢిల్లీ ధోల్‌పూర్ హౌస్‌లో జరిగే సివిల్స్ ఇంటర్వ్యూకు 275 మార్కులు. గదిలో చైర్మన్‌తో పాటు మరికొందరు సభ్యులుంటారు. అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఎవరికి, ఎన్నిసార్లు నమస్కారం చెప్పాలన్న దగ్గరే.

నడుస్తూనే పలకరిస్తే సగం మాట అడుగుల చప్పుడులోనే కలిసిపోతుంది. లోపలికొచ్చి, కుర్చీకి కాస్త ఇవతలే నిలబడాలి. చైర్మన్ కళ్లలోకి చూసి ‘గుడ్ మార్నింగ్ సర్’ (మహిళైతే ‘మేడమ్’) అనాలి. తర్వాత మిగతావారి వైపు మెల్లగా చూపు తిప్పుతూ అందరికీ కలిపి ఒక్కసారి చెబితే చాలు. విడివిడిగా చెబుతూ పోతే అప్పజెప్పినట్టుంటుంది. తెలుగులో ఇంటర్వ్యూ ఇచ్చేవారు ‘నమస్కారమండీ’ అంటే నిండుగా ఉంటుంది. చేయి మాత్రం ముందుగా చాచకూడదు.

ఇంకో చిక్కుంది. ఉదయం బ్యాచ్‌లో చివరి అభ్యర్థి వంతు మధ్యాహ్నం పన్నెండు దాటాక రావచ్చు. బట్టీపట్టిన ‘గుడ్ మార్నింగ్’ అప్పుడూ నోటికొచ్చేస్తుంది. అందుకే తలుపు దగ్గరే టైం చూసుకోవాలి. పొరబడినా సంజాయిషీ అక్కర్లేదు.

కూర్చోమన్నాకే, కుర్చీని ఈడ్వకుండా కూర్చోవాలి. థ్యాంక్స్ చెప్పి, వీపు నిటారుగా, చేతులు ఒళ్లో ఉంచుకోవాలి. ఈలోపు చైర్మన్ అభ్యర్థి దరఖాస్తు తిరగేస్తూ ఉండొచ్చు. ఆ నిశ్శబ్దాన్ని మాటలతో నింపక్కర్లేదు, ఆయన తలెత్తే దాకా ఆగాలి.