బియ్యం బస్తాల లెక్కలో మార్కులు ఎక్కడ పోతాయి?

ఎంబీఏ మొదటి ఏడాదిలో స్టాటిస్టిక్స్ పేపర్ చాలామందిని భయపెడుతుంది. అందుకే డిగ్రీలో ఆ సబ్జెక్టు చదువుకుని వచ్చిన రెండో ఏడాది విద్యార్థిని ఒకరు, పరీక్షలకు ముందు జూనియర్లను కూర్చోబెట్టి కాసేపు మాట్లాడారు. సూత్రాల జాబితా చదవలేదు. బోర్డు మీద ఒకే లెక్క వేసి, అది ఎక్కడెక్కడ తప్పుతుందో చూపించారు.

ఒక మిల్లు బస్తాకు 25 కిలోల బియ్యం అంటోంది. 16 బస్తాలు కాటా వేస్తే సగటు 24.7 కిలోలు వచ్చింది. స్టాండర్డ్ డీవియేషన్ 0.6 కిలోలు, అది 15తో భాగించి తీసిందే. సగటు బరువు 25 కిలోలన్న మాట నిలుస్తుందా? 5 శాతం స్థాయిలో పరీక్షించాలి.

మొదటి గండం హారంలోనే ఉంది. తేడా 0.3ను చాలామంది నేరుగా 0.6తో భాగించేస్తారు. 0.5 వస్తుంది, తేడా ఏమీ లేదని రాసేస్తారు. కానీ 0.6 అన్నది ఒక్కో బస్తా సగటు నుంచి ఎంత అటూఇటూ అవుతుందో చెప్పే అంకె. ఇక్కడ కావలసింది 16 బస్తాల సగటు ఎంత ఊగుతుందన్నది. ఒక బస్తా ఎక్కువ తూగితే మరొకటి తక్కువ తూగుతుంది, కలిపి సగటు తీస్తే ఆ హెచ్చుతగ్గులు చాలావరకు సర్దుకుంటాయి. అందుకే స్టాండర్డ్ డీవియేషన్‌ను 16 వర్గమూలమైన 4తో భాగించాలి. అలా వచ్చిన 0.15 స్టాండర్డ్ ఎర్రర్. "హారంలో వేసిన అంకె, ప్రశ్నలో ఇచ్చిన డీవియేషన్ రెండూ ఒకటే అయితే వర్గమూలం మరిచిపోయినట్టే. పేపర్ ఇచ్చేముందు అదొక్కటీ చూసుకోండి" అన్నారామె.

t = (24.7 − 25) / 0.15 = −2

ఇక్కడిదాకా సరిగ్గా వచ్చినవాళ్లు కూడా తర్వాతి మెట్టు దగ్గర జారతారు. 1.96 అన్న అంకె నోటికి వచ్చి ఉంటుంది కాబట్టి, 2 దానికంటే పెద్దదని మిల్లు మాటను తోసిపుచ్చుతారు. ఆ 1.96 జడ్ పట్టికలోది, మొత్తం సరుకు స్టాండర్డ్ డీవియేషన్ ముందే తెలిసినప్పుడు వాడేది. ఇక్కడ దాన్ని కూడా ఈ 16 బస్తాల నుంచే అంచనా వేశాం. ఆ అంచనాలోనూ కొంత పొరపాటు ఉంటుంది కాబట్టి గీత ఇంకాస్త దూరం జరగాలి. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్ చిన్న శాంపిళ్ల కోసం ఈ సంగతే తేల్చి, 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రచురించాడు. టీ పట్టికలో 15 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ దగ్గర, రెండు వైపులా చూసే పరీక్షకు ఉన్న విలువ 2.131. మన 2 దాన్ని దాటలేదు.

అదే పట్టికలో ఒకవైపు పరీక్షకు 1.753 ఉంటుంది. సగటు ఎలాగూ తక్కువే వచ్చింది కదా అని కొందరు దాన్ని పట్టుకుంటారు. అప్పుడు తీర్పు తలకిందులవుతుంది. ఏ వైపు చూడాలో ప్రశ్నలోని మాట చెప్పాలి, తూకం చూశాక మనం ఎంచుకోకూడదు. "బస్తాలు తక్కువ తూగుతున్నాయా" అని అడిగితే ఒకవైపు. "25 కిలోలన్న మాట నిలుస్తుందా" అంటే రెండు వైపులా.

ఆమె ఎక్కువసేపు నిలిచింది మాత్రం చివరి వాక్యం దగ్గరే. లెక్కంతా సరిగ్గా చేసి "కాబట్టి బస్తా సగటు బరువు 25 కిలోలని రుజువైంది" అని రాసేవాళ్లు ఎందరో. ఆమె 25 చెరిపేసి, ఆ చోట 24.5 పెట్టి జూనియర్ల చేతే లెక్క చేయించారు. 0.2ను 0.15తో భాగిస్తే 1.33. అదీ 2.131 దాటదు. మరి అవే బస్తాలతో సగటు 24.5 అని కూడా రుజువైనట్టేనా? రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఆ శాంపిల్‌కు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ సుమారు 24.38 నుంచి 25.02 దాకా ఉంటుంది. అందులోని ఏ విలువనూ ఈ పరీక్ష తోసిపుచ్చలేదు. అందుకని "5 శాతం స్థాయిలో, సగటు 25 కిలోలు కాదనడానికి ఈ శాంపిల్‌లో చాలినంత ఆధారం లేదు" అని రాయాలి. ఈ తేడా చాలా లోతైనది, పాఠ్యపుస్తకాల్లో కూడా దీన్ని ఒక్క వాక్యంలో దాటేయడం అన్యాయం.

"అక్కా, ఇంతకీ మిల్లు తూకంలో కోత పెడుతోందా, లేదా?" అని వెనక బెంచీ నుంచి ఒకరు అడిగారు.

16 బస్తాలతో తేలదన్నారామె. 64 బస్తాలు తూచినా ఇదే సగటు, ఇదే డీవియేషన్ వచ్చాయనుకుంటే, స్టాండర్డ్ ఎర్రర్ 0.075కు తగ్గుతుంది, టీ విలువ −4 అవుతుంది. అప్పుడు దాటాల్సిన గీత సుమారు 2 దగ్గరే ఉంటుంది కాబట్టి, 25 కిలోలన్న మాట నిలవదు.