బుధుడి దారిలో లెక్కకు రాని 23 కిలోమీటర్లు

బుధుడు 88 రోజులకోసారి సూర్యుణ్ణి చుట్టి వస్తాడు. ఆ దారి గుండ్రంగా ఉండదు, దీర్ఘవృత్తంగా సాగి ఉంటుంది. ఒక కొసన సూర్యుడికి 4.6 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వస్తాడు, ఎదుటి కొసన దాదాపు 7 కోట్ల కిలోమీటర్ల దూరం పోతాడు. అన్నిటికన్నా దగ్గరి చోటును పరిహేళి అంటారు. ఒక చుట్టు తిరిగి మళ్లీ దగ్గరికి వచ్చేసరికి పరిహేళి పాతచోట ఉండదు, సుమారు 308 కిలోమీటర్లు ముందుకు జరిగి ఉంటుంది. అంటే బుధుడు తిరుగుతున్న దారే మెల్లగా తిరుగుతోందన్నమాట. వేల చుట్లను ఒకే కాగితం మీద గీస్తే మెలికల ముగ్గు తయారవుతుంది.

ఆ 308లో 285 కిలోమీటర్లు ఎందుకు జరిగాయో న్యూటన్ సూత్రం చెప్పగలదు. మిగిలిన 23 ఎందుకో యాభై ఆరేళ్ల పాటు ఎవరికీ అంతుపట్టలేదు.

న్యూటన్ ప్రకారం ఆకర్షణ దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. సూర్యుడూ బుధుడూ తప్ప ఇంకెవరూ లేకపోతే, దగ్గరి చోటు నుంచి బయలుదేరి దూరపు కొస చూసి మళ్లీ దగ్గరికి రావడానికి సరిగ్గా 360 డిగ్రీలు పడుతుంది. దారి తన మీద తానే మూసుకుంటుంది, ఏళ్లు గడిచినా కదలదు. కానీ మిగతా గ్రహాలు ఊరుకోవు కదా. తలా ఒక వైపు లాగుతూ ఉంటాయి, దాంతో దారి జరుగుతుంది.

ఈ జరుగుడును ఖగోళ శాస్త్రజ్ఞులు కోణంలో కొలుస్తారు. డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను. పున్నమి చంద్రుడి వెడల్పు సుమారు 1800 ఆర్క్ సెకన్లు. నూరేళ్లలో బుధుడి పరిహేళి నక్షత్రాలతో పోలిస్తే 574 ఆర్క్ సెకన్ల పైచిలుకు జరుగుతుంది. భూమి మీది నుంచి కొలిచిన అంకె నిజానికి ఇంకా చాలా పెద్దది, 5600 దాకా ఉంటుంది. అందులో ఐదు వేలకు పైగా భూమి అక్షం ఊగడం వల్ల వచ్చినదే. మన పంచాంగకర్తలు అయనాంశ పేరుతో లెక్కలోకి తీసుకునే చలనం ఇదే. దాన్ని తీసేస్తే 574 మిగులుతుంది. ఇందులో శుక్రుడి లాగుడు 278, గురుడిది 154, భూమిది 90, మిగతా గ్రహాలన్నిటిదీ కలిపి 10. గురుడు ఎంత భారీ అయినా దూరంగా ఉన్నాడు, శుక్రుడు పక్కనే ఉన్నాడు, అందుకే పెద్ద వాటా శుక్రుడిది. ఇవన్నీ పోగా 43 మిగిలిపోయింది.

ఇంత చిన్న తేడాను 19వ శతాబ్దంలో ఎలా పట్టుకున్నారు? బుధుడు అప్పుడప్పుడూ మే నెలలోనో నవంబరులోనో సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటిపోతాడు. చుక్క బింబం అంచును తాకిన క్షణాన్ని సెకన్లలో రాసుకుంటే ఆ సమయానికి బుధుడు కచ్చితంగా ఎక్కడున్నాడో తెలుస్తుంది. పారిస్‌లో ఉర్బేన్ లెవెర్యే 1697 నుంచి 1848 దాకా నమోదైన ఇలాంటి దాటుళ్లన్నీ ముందేసుకుని లెక్క కట్టాడు. 1859లో ఆయన తేల్చింది 38 ఆర్క్ సెకన్లు. 1882లో అమెరికాలో సైమన్ న్యూకమ్ దాన్ని 43కి సరిచేశాడు.

లెవెర్యే అప్పటికే యురేనస్ తడబాటును చూసి కంటికి కనిపించని నెప్ట్యూన్ ఎక్కడుందో కాగితం మీద చెప్పినవాడు. 1846లో బెర్లిన్‌లో దూరదర్శిని తిప్పితే అది దొరికింది. అందుకే బుధుడికీ అదే మందు వేశాడు: సూర్యుడికి ఇంకా దగ్గరగా మరో గ్రహమో, చిన్న చిన్న గ్రహాల గుంపో ఉండాలన్నాడు. లెస్కార్బో అనే పల్లెటూరి వైద్యుడు తాను అలాంటి చుక్కను చూశానని ఉత్తరం రాశాడు. లెవెర్యే ఆ ఊరు వెళ్లి నిలదీశాడు. వైద్యుడు చెక్క మీద లెక్కలు రాసుకుని, చోటు చాలనప్పుడు చిత్రిక పట్టేసే మనిషి. అయినా లెవెర్యే నమ్మాడు. ఆ గ్రహానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. తర్వాత సూర్యగ్రహణాల్లో ఎన్నిసార్లు వెతికినా అది నిలకడగా దొరకలేదు. లెవెర్యేను తప్పుపట్టడానికి లేదు. ఒకసారి పనిచేసిన ఉపాయాన్ని రెండోసారి వాడకుండా ఎవరుంటారు?

వేరే మరమ్మతులూ చేసి చూశారు. శుక్రుడి బరువు పదో వంతు పెంచితే బుధుడి లెక్క సరిపోతుంది, కానీ భూమి లెక్క చెడుతుంది. సూర్యుడి చుట్టూ ధూళి ఉందన్నారు, కావలసినంత ధూళిని ఊహించుకోవాల్సి వచ్చింది. 1894లో ఆసాఫ్ హాల్ న్యూటన్ సూత్రంలోని వర్గాన్నే కదిపి, 2కు బదులు 2.00000016 అన్నాడు. బుధుడికి అది కుదిరింది. తీరా చంద్రుడి గమనం లెక్కలు మెరుగయ్యాక అక్కడ కుదరలేదు. వీటన్నిటిలోనూ ఒక మర తిప్పుకునే వీలుంది: 43 వచ్చేదాకా తిప్పి ఆపేయవచ్చు.

ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో ఆ మర లేదు. 1913లో తన అసంపూర్ణ సిద్ధాంతంతో మిత్రుడు మిషెల్ బెస్సోతో కలిసి ఆయన ఇదే లెక్క చేస్తే 18 వచ్చింది. అది చాలదు, ప్రచురించలేదు. 1915 నవంబరు 18న ప్రష్యన్ అకాడమీకి ఇచ్చిన పత్రంలో కొత్త సమీకరణాలతో 43 వచ్చింది. ఆ ఆనందంలో కొన్ని రోజులు తన ఒళ్లు తనకు తెలియలేదని ఆయన మిత్రులకు చెప్పుకున్నాడు.

ఆ లెక్కను మనమూ వేసి చూడవచ్చు. సిద్ధాంతం సూర్యుడి ద్రవ్యరాశిని ఒక పొడవుగా మార్చుకుంటుంది. అది 1.477 కిలోమీటర్లు. దాన్ని 6తో, పై (3.1416)తో గుణిస్తే 27.84 కిలోమీటర్లు. కక్ష్య సగటు వ్యాసార్ధాన్ని, దాని సాగుడును బట్టి కాస్త తగ్గిస్తే 5.546 కోట్ల కిలోమీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగించి ఆర్క్ సెకన్లలోకి మారిస్తే ఒక్కో చుట్టుకు 0.1035. నూరేళ్లలో 415 చుట్లు. గుణించండి: 43కు వెంట్రుకవాసి తక్కువ. ఇందులో మనం ఎంచుకున్న అంకె ఒక్కటీ లేదు.

కారణం మాటల్లో ఇదీ: సాధారణ సాపేక్ష సిద్ధాంతంలో సూర్యుడి దగ్గరికి పోయేకొద్దీ లాగుడు న్యూటన్ చెప్పినదానికన్నా పిసరంత ఎక్కువగా పెరుగుతుంది. పరిహేళి దగ్గర ఆ అదనం సుమారు కోటిలో ఒక వంతు. అయినా బుధుడు సూర్యుణ్ణి దాటి వెనక్కి మళ్లేముందు కొంచెం ఎక్కువ వంగుతాడు, 360 డిగ్రీలు నిండాక కూడా పరిహేళికి ఇంకొంచెం దూరం మిగిలి ఉంటుంది. ఆ కొంచెమే 23 కిలోమీటర్లు. శుక్రుడికి ఇదే అదనం నూరేళ్లకు 8.6 ఆర్క్ సెకన్లే, పైగా అతని దారి ఎంత గుండ్రంగా ఉందంటే పరిహేళి ఎక్కడో పట్టుకోవడమే కష్టం. దారి సాగి, సూర్యుడికి దగ్గరగా, త్వరత్వరగా తిరిగే బుధుడి దగ్గరే తేడా బయటపడింది.

ఒక అనుమానం మాత్రం చాలాకాలం వెంటాడింది. సూర్యుడు నడుము దగ్గర ఉబ్బి ఉంటే ఆ ఉబ్బు కూడా దారిని తిప్పుతుంది. 1960ల్లో రాబర్ట్ డికీ ఉబ్బును కొలిచానని, 43లో మూడు నాలుగు ఆర్క్ సెకన్లు దానివేనని వాదించాడు. అది నిజమైతే ఐన్‌స్టీన్ అంకె తప్పయ్యేది. తర్వాతి కొలతల్లో ఉబ్బు చాలా స్వల్పమని, దాని వాటా ఆర్క్ సెకనులో వందో వంతుల్లోనే ఉంటుందని తేలింది.

1974లో హల్స్, టేలర్ కనుగొన్న జంట నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి ఎనిమిది గంటలకు కాస్త తక్కువలోనే తిరుగుతాయి. వాటి కక్ష్య ఏడాదికి 4.2 డిగ్రీలు జరుగుతుంది. బుధుడి దారిలో ఆ 43 ఒక్కటే పనిచేస్తే పూర్తి చుట్టుకు ముప్పై లక్షల ఏళ్లు కావాలి, అక్కడ 86 ఏళ్లు చాలు. ఆ జరుగుడును ఇప్పుడు ఎవరూ వింతగా చూడరు, దాని నుంచే ఆ రెండు నక్షత్రాల బరువు తూస్తున్నారు.