వంకర ముక్కతో నేల నింపడం

సౌష్ఠవం పాఠం చాలా చోట్ల అద్దం, సీతాకోకచిలుక రెక్కల దగ్గరే ఆగిపోతుంది. మ్యాథ్స్ క్లబ్‌లో గంటన్నర దొరికితే అద్దాన్ని పక్కనపెట్టి, సగం తిప్పుడు సౌష్ఠవాన్ని పిల్లల చేతికే ఇవ్వవచ్చు. పాత శుభలేఖల అట్టలు, కత్తెరలు, స్కేళ్లు, డ్రాయింగ్ షీట్లు, కొంచెం ట్రేసింగ్ పేపరు చాలు.

మొదటి పది నిమిషాలు క్రమ పంచభుజికి ఇవ్వండి. దాని ఒక్కో కోణం 108 డిగ్రీలు. మూడు ముక్కలను ఒక బిందువు చుట్టూ చేరిస్తే 324 అవుతుంది, ఇంకా 36 డిగ్రీల సందు మిగులుతుంది. నాలుగో ముక్క అందులో పట్టదు. ఇంత చక్కని ఆకారమే నేలను నింపలేకపోతే, అడ్డదిడ్డమైన చతుర్భుజం నింపుతుందా? ఈ ప్రశ్న వేసి పిల్లలనే ఊహించనివ్వండి. ఎక్కువమంది నింపదనే అంటారు.

ఇప్పుడు ప్రతి ఒక్కరూ భుజాలు నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్ల మధ్య ఉండేలా, ఏ రెండూ సమానం కాని చతుర్భుజాన్ని అట్ట మీద గీసి కత్తిరించాలి. మూలలకు వరుసగా 1, 2, 3, 4 అని రాసి, ఆ వైపంతా రంగు వేయాలి. షీటు మధ్యలో అట్ట పెట్టి చుట్టూ గీయాలి. తర్వాత ఒక భుజం మధ్యబిందువును పట్టుకుని అట్టను సగం చుట్టు తిప్పాలి. అదే భుజం మీద కొసలు తారుమారై కూర్చుంటుంది. మళ్లీ గీయాలి. మిగతా భుజాలకూ ఇంతే. కొద్దిసేపటికి ఒక బిందువు దగ్గర నాలుగు ముక్కలు కలుస్తాయి. అక్కడి అంకెలు చూస్తే 1, 2, 3, 4 ఒక్కోసారే ఉంటాయి. చతుర్భుజం కోణాల మొత్తం 360 కాబట్టి సందు మిగలదు. ఒక మూల లోపలికి నొక్కుకుపోయినా ఇదే జరుగుతుంది. క్లాసంతటిలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే.

తప్పు ఎక్కువగా ఒకచోటే వస్తుంది: తిప్పమంటే పిల్లలు అట్టను బోర్లిస్తారు. రంగు కిందికి పోతే దొరికిపోతుంది. మొద్దు పెన్సిల్ కూడా ఇబ్బందే. ప్రతి ముక్కకూ కాస్త కాస్త తేడా చేరి, చివరికి సన్నని సందులుగా బయటపడుతుంది. అంచులు స్కేలుతో గీసినవై ఉండాలి.

తర్వాత నమూనాను ట్రేసింగ్ పేపరు మీదికి ఎత్తి, ఏదైనా భుజం మధ్య గుండుసూది గుచ్చి సగం తిప్పండి. బొమ్మ మీద బొమ్మ సరిగ్గా కూర్చుంటుంది. మూల మీద గుచ్చితే కూర్చోదు. మధ్యకు మడిచినా కుదరదు, ఈ నమూనాలో అద్దం గీత లేదు. నిటారు ముక్కలకు ఒక రంగు, తిరగేసిన వాటికి మరో రంగు వేయిస్తే పక్కపక్క ముక్కలకు ఎక్కడా ఒకే రంగు రాదు.

త్వరగా ముగించినవారికి పంచభుజి మళ్లీ ఇవ్వండి, ఈసారి పెంకుటింటి ఆకారంలో, చతురస్రం మీద త్రిభుజం పెట్టి. అది నేలను నింపుతుంది. నింపగల కుంభాకార పంచభుజుల్లో నాలుగు కొత్త రకాలను 1970లలో కనుగొన్నది అమెరికాలోని శాన్‌డియాగో గృహిణి మార్జొరీ రైస్. ఆమె గణితంలో హైస్కూలుకు మించి చదవలేదు.