'బాధ్యత చూశాను' అంటే సరిపోదు: ఫ్రెషర్ రెజ్యూమెలో ఫలితం రాయడం

ఫ్రెషర్ రెజ్యూమెల్లో తరచుగా కనిపించే వాక్యం 'రెస్పాన్సిబుల్ ఫర్' అని మొదలవుతుంది. ఆ విద్యార్థికి ఏ పని అప్పగించారో దాన్నిబట్టి తెలుస్తుంది కానీ, ఆ పని జరిగిందో లేదో, జరిగితే ఎలా జరిగిందో తెలియదు. కాలేజీ ఫెస్ట్‌లో రిజిస్ట్రేషన్ల బాధ్యత చూశానని కమిటీలో ఉన్న ప్రతివాళ్లూ రాసుకోవచ్చు, ఆ రోజు రానివాళ్లతో సహా.

బీకాం చివరి ఏడాది చదువుతున్న ఒక విద్యార్థిని రెజ్యూమెలో సరిగ్గా ఇదే వాక్యం ఉందనుకుందాం. దాన్ని మార్చడానికి ముందు కొన్ని విషయాలు తేల్చుకోవాలి. ఫెస్ట్ ఎన్ని రోజులు? ఎంతమంది పేర్లు నమోదయ్యాయి? అంతకుముందు ఏడాది ఆ పని ఎలా జరిగేది? ఈమె వచ్చాక ఏం మారింది? కాస్త ఆలోచిస్తే జవాబులు దొరుకుతాయి. ఫెస్ట్ రెండు రోజులు. నిరుడు పేర్లు పుస్తకంలో రాసుకుని, సర్టిఫికెట్ల కోసం వాటిని మళ్లీ టైపు చేయడానికి మూడు రోజులు పట్టింది. ఈసారి ఆమె గూగుల్ ఫారం తయారుచేసి, దాని క్యూఆర్ కోడ్‌ను గేటు దగ్గర అతికించింది. షీట్‌లో 640 వరుసలు చేరాయి. సర్టిఫికెట్ల జాబితా ఫెస్ట్ ముగిసిన సాయంత్రమే సిద్ధమైంది.

ఇప్పుడు వాక్యం ఇలా మారుతుంది: 'రెండు రోజుల ఫెస్ట్‌కు పేర్ల పుస్తకం తీసేసి గూగుల్ ఫారం పెట్టి, 640 మందిని నమోదు చేశాను, నిరుడు మూడు రోజులు పట్టిన సర్టిఫికెట్ల జాబితాను అదే సాయంత్రం అందించాను.'

ఇందులో రాయకుండా వదిలేసింది కూడా ఒకటుంది. గేటు దగ్గర క్యూ తగ్గిందని అందరూ అన్నారు, కానీ ఎవరూ గడియారం పెట్టి చూడలేదు. అందుకే ఆ మాట రెజ్యూమెకు ఎక్కదు. అంకె కనిపిస్తే ఇంటర్వ్యూలో వచ్చే మొదటి ప్రశ్న 'ఎలా లెక్కపెట్టారు?' అనే. 640కి షీట్ సాక్ష్యం ఉంది. 'సామర్థ్యం 80 శాతం పెరిగింది' లాంటి వాక్యాలకు సాధారణంగా ఏ సాక్ష్యమూ ఉండదు, చదివేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది. చిన్న లెక్కల్ని శాతాల్లోకి మార్చకపోవడమే మేలు. 'మూడు రోజుల పని ఒక సాయంత్రంలో' అన్నదే సూటిగా ఉంటుంది.

అన్ని పనుల్లోనూ ముందూ వెనకా పోల్చడానికి వీలుండదు. అదే విద్యార్థిని ఒక ఆడిటర్ ఆఫీసులో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేసి, 'ట్యాలీ ఎంట్రీలు, జీఎస్టీ పనుల్లో సహాయం' అని రాసింది. ఇక్కడ మెరుగుపరిచిందేమీ లేకపోయినా పని పరిమాణం ఉంది: నెలకు సుమారు 150 కొనుగోలు బిల్లులు ట్యాలీలో ఎక్కించడం. వాటిని జీఎస్టీఆర్-2బీతో సరిచూసి, అందులో కనిపించని 11 బిల్లుల జాబితా సీనియర్‌కు ఇవ్వడం. ఈ రెండో పని చెబితే, అకౌంట్స్ తెలిసినవాళ్లకు ఆమె ఏం నేర్చుకుందో వెంటనే అర్థమవుతుంది. క్లయింట్ల పేర్లు మాత్రం రాయకూడదు.

రెజ్యూమె ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ప్రతి పాయింటూ క్రియతో మొదలవ్వాలి, ముగిసిన పనికి భూతకాలంలో: 'రీప్లేస్డ్', 'రిజిస్టర్డ్', 'రికన్సైల్డ్'. 'వర్క్‌డ్ ఆన్', 'ఇన్వాల్వ్‌డ్ ఇన్' అంటే ఎవరు ఏం చేశారో తేలదు. అలాగని నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టుకు 'లెడ్' అని రాసుకోవడమూ ప్రమాదమే. మిగతా ముగ్గురూ అదే కంపెనీకి దరఖాస్తు చేసి, అదే మాట రాస్తే పట్టుబడతారు. 'నలుగురి జట్టులో డేటాబేస్ భాగం రూపొందించాను' అంటే చాలు.

ఇక పేజీ సంగతి. ఫ్రెషర్‌కు ఒక్క పేజీ సరిపోతుంది. తండ్రి పేరు, పెళ్లి వివరం, చివర సంతకంతో డిక్లరేషన్, 'సవాళ్లతో కూడిన ఉద్యోగం' కోరే ఆబ్జెక్టివ్... ప్రకటనలో అడిగితే తప్ప ఇవన్నీ తీసేస్తే ఫలితాలకు చోటు దొరుకుతుంది. రెండు నిలువు వరుసల టెంప్లేట్లు కంటికి బాగుంటాయి కానీ, దరఖాస్తుల్ని చదివే సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఎడమవైపు వాక్యాన్నీ కుడివైపు వాక్యాన్నీ కలిపేస్తాయి. నైపుణ్యాన్ని చుక్కల్లో, గీతల్లో చూపే బొమ్మలు వాటికి అసలు అర్థం కావు. ఒకే నిలువు వరుస, 10 లేదా 11 పాయింట్ల మామూలు ఫాంట్, ఎడ్యుకేషన్, ఎక్స్‌పీరియన్స్, ప్రాజెక్ట్స్ లాంటి వాడుక శీర్షికలు పెట్టడం మంచిది.

పంపేముందు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. పీడీఎఫ్‌ను తెరిచి, మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయాలి. అక్కడ వాక్యాలు వరుస తప్పితే టెంప్లేట్ మార్చాలి. ఏమీ కాపీ కాకపోతే ఆ ఫైలు బొమ్మగా సేవ్ అయిందని అర్థం. వర్డ్ నుంచి నేరుగా మళ్లీ పీడీఎఫ్ చేయాలి.