మీరు పంపిన వెయ్యిలో పేషెంటుకి చేరేది ఎంత?

ఉద్దానం నుంచి కిడ్నీ ఆపరేషన్‌కి సాయం కావాలనే ఫండ్‌రైజర్ లింకులు మన వాట్సాప్ గ్రూపుల్లోకి తరచూ వస్తుంటాయి. పలాసలో, టెక్కలిలో డయాలసిస్ ప్రభుత్వ పథకం కింద ఉచితంగానే చేస్తారు. కానీ దారి ఖర్చులు, మందులు, మార్పిడికి విశాఖ వెళ్లాలంటే అయ్యే ఖర్చు ఇంటివాళ్ల మీదే పడతాయి. అందుకే ఈ లింకులు. ఈ ఎపిసోడ్‌లో మీ వెయ్యి రూపాయలు ఎటు వెళ్తాయో వెనకాలే వెళ్లి చూద్దాం.

కవిటి మండలంలో ఒక కొబ్బరి రైతు ఉన్నాడు, ఆయనకి కిడ్నీ మార్పిడి చేయాలి అనుకుందాం. హైదరాబాద్‌లో ఉన్న మేనల్లుడు ఒక క్రౌడ్‌ఫండింగ్ సైట్‌లో పేజీ పెట్టాడు. ఇక్కడ ముగ్గురున్నారు: పేజీ పెట్టినవాడు, పేషెంటు, డబ్బు పడే బ్యాంకు ఖాతాదారు. ఈ ముగ్గురూ ఒకరే కానక్కర్లేదు. మీరు పే చేయగానే డబ్బు రైతుకి వెళ్లిపోదు. ముందు సైట్ దగ్గర ఉంటుంది. కాగితాలు చూసుకున్నాక ఆసుపత్రి ఖాతాకో, పేషెంటు లేదా దగ్గరి బంధువు ఖాతాకో పంపుతారు. అన్నిటికన్నా నిశ్చింతగా ఉండేది ఆసుపత్రి ఖాతాకి వెళ్లేది. మేనల్లుడి సొంత ఖాతాకి అయితే, ఆ తర్వాత ఖర్చు ఎలా పెట్టాడన్నది ఆయన చెబితేనే మనకి తెలుస్తుంది.

ఇప్పుడు ఫీజు సంగతి. మన దేశంలో పెద్ద సైట్లు చాలావరకు ప్లాట్‌ఫామ్ ఫీజు సున్నా అంటాయి. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి లెక్కా కాదు. పేమెంట్ పేజీలో "టిప్" అని ఒకటి ఉంటుంది. ఆ టిప్ సైట్‌కి వెళ్తుంది, పేషెంటుకి కాదు. చాలాసార్లు అది ముందే సెట్ చేసి ఉంటుంది. పది శాతం పెట్టి ఉంటే, మీరు వెయ్యి అనుకున్నారు గానీ కట్టేది పదకొండు వందలు. వెయ్యి మీద పేమెంట్ గేట్‌వే రెండు శాతం తీసుకుంటే 20 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 3.60. అంటే రైతుకి చేరేది 976.40. మీ జేబులోంచి పోయిన 1,100లో 123.60 దారిలోనే ఆగింది. అదే టిప్‌ని సున్నా చేసి ఉంటే ఆగేది 23.60 మాత్రమే. సైట్ నడవాలి కదా అని ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ తెలిసి ఇవ్వండి.

పేజీ పెట్టేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. కొన్ని సైట్లు మీ కథని ప్రకటనలుగా వేస్తాం, ఖర్చు వసూలైన డబ్బులోంచి పట్టుకుంటాం అంటాయి. ఆ శాతం ఎంతో ఒప్పందం చదివాకే ఒప్పుకోండి.

ఇక పేరు. చాలామంది `Anonymous` టిక్ పెట్టి ఎవరికీ తెలీదు అనుకుంటారు. ఇంజినీరుగా చెబుతున్నా, ఆ టిక్ చేసేది పేజీ మీద మీ పేరు చూపించకపోవడమే. డేటాబేస్‌లో పేరు, ఫోను నంబరు, మొత్తం అన్నీ అలాగే ఉంటాయి. ఉదాహరణకి గోఫండ్‌మీలో పేరు దాచుకున్నా, పేజీ నడిపేవాళ్లకి, లబ్ధిదారుకి కనిపిస్తుంది. చిన్న ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. వంద ఇచ్చినవాడి పక్కన పదివేలు ఇచ్చినవాడి పేరు కనిపిస్తే, మళ్లీ ఇవ్వడానికి మొహమాటపడతారు. పేజీ పెట్టేవాళ్లే ముందుగా "పేరు దాచుకోవచ్చు" అని చెబితే బాగుంటుంది.

పన్ను మినహాయింపు కావాలంటే పేరు దాచడం కుదరదు. 80జీ దొరికేది ఆ గుర్తింపు ఉన్న సంస్థకి ఇస్తేనే. ఆ సంస్థ మీ వివరాలు, సాధారణంగా పాన్ నంబరుతో సహా, ఆదాయపు పన్ను శాఖకి పంపుతుంది. నేరుగా పేషెంటుకి ఇస్తే 80జీ రాదు.

చివరగా క్యూఆర్ కోడ్ పోస్టర్. ఇందులో సైట్ ఉండదు, ఫీజూ ఉండదు, తనిఖీ కూడా ఉండదు. పేషెంటు ఫొటో అలాగే ఉంచి క్యూఆర్ మాత్రం మార్చేసి తిప్పడం చాలా తేలిక. అందుకే స్కాన్ చేశాక పిన్ కొట్టే ముందు ఆగి, పైన వచ్చే పేరు చూడండి. పేషెంటుదో, పోస్టర్ మీద రాసిన బంధువుదో కాకపోతే ఆపేయండి. ఆసుపత్రి అంచనా పత్రం అడగండి. అందులో ఉన్న నంబరుకి కాకుండా, ఆసుపత్రి నంబరు మీరే వెతికి ఫోన్ చేసి, ఆ పేరుతో పేషెంటుకి అంచనా ఇచ్చారా అని అడగండి. పేషెంటు వివరాలు చెప్పలేమంటే, ఇంటివాళ్లనే ఆసుపత్రి ఖాతా నంబరు తెప్పించమనండి. నిజంగా అవసరం ఉన్న ఇంటివాళ్లు ఈ ప్రశ్నకి నొచ్చుకోరు.

మీ గ్రూపులోకి వచ్చిన లింకులో ఖాతా ఎవరి పేరు మీద ఉందో చూసి, కామెంట్లో చెప్పండి. పేషెంటు పేరు మాత్రం రాయకండి. ఉంటానండి.