జవాబును ప్రశ్నలోనే పెట్టి చూడు

నాన్నా, నిన్నటి వర్క్‌షీట్‌లో 3(x − 4) = 2x + 5 లెక్కకు x = 9 అని రాశావు. సరిచూశానన్నావు. నిజమే, పక్కన పెన్సిల్‌తో 23 = 23 అని కనిపిస్తోంది. మరి తప్పెలా అయింది?

నువ్వు 9ని పెట్టి చూసింది నీ రెండో వరుసలో: 3x − 4 = 2x + 5. బ్రాకెట్ విప్పేటప్పుడు 3తో 4ని గుణించడం మరిచిపోయింది అక్కడే. ఆ తప్పు వరుసకు 9 సరైన జవాబే. అందుకే రెండు వైపులా 23 వచ్చి నిన్ను నమ్మించింది. అదే 9ని అసలు ప్రశ్నలో పెట్టు: ఎడమవైపు 3 × 5, అంటే 15. కుడివైపు 23. దొరికిపోయిందిగా! సరిగ్గా విప్పితే 3x − 12, అప్పుడు x = 17. రెండు వైపులా 39.

అందుకే సరిచూసేటప్పుడు నోటుబుక్కు మూసేసి, అచ్చులో ఉన్న ప్రశ్నలోనే జవాబు పెట్టు. ప్రశ్న ఎక్కించుకునేటప్పుడు గుర్తు మారినా అప్పుడే బయటపడుతుంది. (మైనస్‌ను ప్లస్‌గా దించుకుని మార్కులు పోగొట్టుకున్నవాణ్ణే నేనూ.)

మాటల లెక్కలకు ఇదీ చాలదు. సమీకరణమే తప్పు రాసుకుంటే, తప్పు జవాబు కూడా అందులో చక్కగా ఇమిడిపోతుంది. అక్కడ అంకెల్ని ప్రశ్నలోని మాటల్లో పెట్టి చదవాలి. తండ్రి వయసు కొడుకు వయసుకు 4 రెట్లన్నచోట తండ్రికి 10, కొడుక్కి 40 వచ్చాయంటే, x ఎవరి వయసనుకున్నావో వెనక్కి వెళ్లి చూడు.