కీమో తర్వాత రింగుల జుట్టు

రొమ్ము క్యాన్సర్‌కి కీమోథెరపీ పూర్తి చేసుకున్న యాభై ఏళ్ల ఆవిడ ఒకరిని ఊహించుకుందాం. జబ్బు రాకముందు ఆవిడది నడుం దాటిన జడ. దువ్వితే జారిపోయేంత తిన్నటి జుట్టు. ముందు 4 విడతలు డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ ఎక్కించారు. తర్వాత వారానికొకటి చొప్పున 12 సార్లు పాక్లిటాక్సెల్ ఇచ్చారు. మొదటి విడత అయిన రెండు మూడు వారాలకే జుట్టు దిండు మీద కుచ్చులుగా మిగిలిపోయింది. ఆఖరి ఇంజెక్షన్ సంక్రాంతి రోజుల్లో అయిపోయింది. ఉగాదికి తలంతా బూడిద రంగు నూగు కనిపించింది. వినాయక చవితి నాటికి చెవుల వెనకా మెడ మీదా ఉంగరాలు తిరిగిన జుట్టు తయారైంది. చూడ్డానికొచ్చిన ఆడపడుచు, "వదినా, పార్లర్‌కెళ్లి రింగులు తిప్పించుకున్నావా ఏంటి?" అని అడిగేసింది.

ఇందులో ప్రతి మలుపూ డాక్టర్లు రోజూ చూసేదే. వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీయడమే ఈ మందుల పని. వెంట్రుక కుదురు అడుగున ఉండే కణాలు కూడా అలాంటివే, అందుకే వాటికీ దెబ్బ తగులుతుంది. కానీ కుదురును తిరిగి నిర్మించే మూలకణాలు కాస్త పైన, నెమ్మదిగా పనిచేస్తూ ఉంటాయి కాబట్టి చాలావరకు బతికిపోతాయి. మందు ఆగిన నాలుగైదు వారాలకు అవి మళ్లీ పని మొదలుపెడతాయి. అక్కడి నుంచి నెలకు దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున జుట్టు పెరుగుతుంది. ఉగాదికి నూగు, చవితికి ఉంగరం అనే లెక్క అలా వచ్చిందే.

మరి రింగులెందుకు? జంతికల గొట్టంలో పిండి అన్ని వైపులా సమానంగా దిగితే పోగు తిన్నగా వస్తుంది, ఒక పక్క ఎక్కువగా దిగితే వంగిపోతుంది. దెబ్బతిన్న కుదురులో కణాలు అన్ని వైపులా ఒకే వేగంతో కోలుకోవు. అందుకే అది తోసే వెంట్రుక ఒక పక్కకు తిరుగుతుందని నిపుణుల అభిప్రాయం. మీ జన్యువులు మాత్రం మారలేదు. అందుకే ఎక్కువ మందిలో కుదురు పూర్తిగా కోలుకున్నాక, ఏడాది నుంచి రెండేళ్ల లోపు, పాత తీరు తిరిగొస్తుంది. కొద్దిమందికి కొంత వంపు ఉండిపోతుంది.

రంగు సంగతి ఇంకొంచెం వేరు. వెంట్రుకకు నలుపునిచ్చే కణాలు వేరేగా ఉంటాయి. అవి చాలాసార్లు జుట్టును తయారుచేసే కణాల కన్నా ఆలస్యంగా తేరుకుంటాయి. దాంతో మొదటి నూగు తెల్లగానో బూడిద రంగులోనో వస్తుంది. మందు ప్రభావం రంగు మీద ఎంత సూటిగా పడుతుందో సునిటినిబ్ అనే మాత్ర చెబుతుంది. అది కీమో మందు కాదు, కిడ్నీ క్యాన్సర్‌కి ఇచ్చేది. 4 వారాలు వేసుకుని 2 వారాలు ఆపే పద్ధతిలో వాడినప్పుడు, కొందరి వెంట్రుకల మీద తెలుపు ఒక పట్టీ, నలుపు ఒక పట్టీగా పడుతుంది. వేసుకున్న రోజులూ ఆపిన రోజులూ జుట్టు మీదే చదువుకోవచ్చు.

దీన్నుంచి పనికొచ్చే విషయం ఒకటుంది. తల బయటికి వచ్చేసిన వెంట్రుకలో ప్రాణం లేదు, అది ఇక మారదు. మార్పు ఏదొచ్చినా కిందినుంచే రావాలి. కాబట్టి అద్దంలో చూడాల్సింది చివర్లను కాదు, మొదళ్లను. పాపిట దగ్గర రెండు వేళ్లతో జుట్టు విడదీసి చూడండి. చివర తెల్లగా ఉండి మొదలు నల్లబడుతుంటే రంగు కణాలు పనిలోకొచ్చినట్టే. మొదలు తిన్నగా వస్తూ చివర మాత్రమే మెలికపడితే కుదురు సర్దుకుంటున్నట్టే. అప్పుడు చివర్లను రెండు మూడు నెలలకోసారి కొద్దికొద్దిగా కత్తిరించుకుంటూ పోతే చాలు.

మనవాళ్లు చటుక్కున ఇచ్చే సలహా గుండు. "ఇంకోసారి గీయించు, ఈసారి ఒత్తుగా, తిన్నగా వస్తుంది" అంటారు. పసిపిల్లల పుట్టు వెంట్రుకలు తీయించే అలవాటు నుంచి వచ్చిన నమ్మకం కావచ్చు. కత్తి చర్మం పైన మాత్రమే ఆడుతుంది, కుదురు దాకా పోదు. ఆరు నెలలు ఓపిక పట్టి పెంచుకున్నదాన్ని ఊరికే పారేసుకోవడమే అది.

జుట్టు కొత్తది గనక సంరక్షణ కూడా మారాలి. తిన్నటి జుట్టుకు చేసిన అలవాట్లు దీనికి సరిపడవు. మెలికల్లో నూనె కిందిదాకా జారదు కాబట్టి చివర్లు ఎండిపోతాయి. కుంకుడుకాయలు ఆ కాస్త నూనెనూ లాగేస్తాయి. తొలి ఏడాది వారానికి రెండుసార్లు గాఢత తక్కువున్న షాంపూ, ఆపైన కండిషనర్ చాలు. తలస్నానానికి గంట ముందు కొద్దిగా కొబ్బరినూనె రాయడం మంచిదే. అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కొంత కాపాడుతుంది. గట్టిగా మర్దనా మాత్రం వద్దు. చిక్కు తీయడం తడిగా, కండిషనర్ ఉండగానే చేయాలి. పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో చివరి నుంచి పైకి రావాలి. ఆరాక సన్నపళ్ల దువ్వెన పెడితే సగం తెగిపోతుంది, మిగతాది పిచ్చుకగూడులా లేస్తుంది. తువ్వాలుతో రుద్దకుండా పాత కాటన్ చీర ముక్కతో అద్దుకోండి.

పార్లర్ వాళ్లు స్ట్రెయిటనింగ్ చేస్తామంటారు. ఆ రసాయనాలూ వేడీ బయట ఉన్న వెంట్రుకనే వంచుతాయి, కింద నుంచి మళ్లీ ఉంగరమే వస్తుంది. కెరాటిన్ చికిత్స అని పిలిచేవాటిలో కొన్ని ఫార్మాల్డిహైడ్ ఆవిరి వదులుతాయి. కనీసం ఏడాది దాటేదాకా ఆ గుమ్మం ఎక్కకపోవడమే మేలని నా అభిప్రాయం.

రంగుకి మామూలుగా ఆరు నెలలు ఆగమంటారు. అసలు చిక్కు పారాఫినైలిన్ డయమీన్ అనే రసాయనంతో. మన నల్లరంగు డైలలో ఎక్కువ భాగం దీంతోనే పనిచేస్తాయి. 'నల్ల హెన్నా' పేరుతో అమ్మేవాటిలోనూ తరచూ ఇదే ఉంటుంది. అసలైన గోరింటాకు తెల్లజుట్టును నారింజ ఎరుపు చేస్తుందే తప్ప నల్లగా చేయదు. పదేళ్లుగా డై వేసినా ఏమీ కాలేదన్న ధైర్యం ఇప్పుడు పనికిరాదు. మోచేతి మడతలో చుక్క రాసి 48 గంటలు చూడాలి. దురదో ఎరుపో వస్తే ఆ డబ్బా పక్కన పెట్టేయాలి.

అన్నీ మామూలే అని సరిపెట్టుకోకూడని సందర్భాలూ ఉన్నాయి. ఆఖరి విడత తర్వాత ఆరు నెలలైనా తల కనిపించేంత పలుచగా ఉంటే డాక్టరుకు చూపించాలి. డోసిటాక్సెల్ వాడినవారిలో కొందరికి జుట్టు పూర్తిగా తిరిగి రాకపోవడం నమోదైంది. అమెరికాలో ఆ మందు వివరాల పత్రంలో 2015లో ఈ విషయం చేర్చారు. రింగులు బాగానే వచ్చి, ఏడాదికల్లా నడినెత్తిన పలుచబడితే అది పాత కీమో పని కాకపోవచ్చు. రొమ్ము క్యాన్సర్‌కి ఆ తర్వాత ఏళ్ల తరబడి వేసుకునే టామాక్సిఫెన్, లెట్రొజోల్ మాత్రలు కూడా జుట్టును పలుచన చేస్తాయి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించాక చర్మవైద్యులు మినాక్సిడిల్ రాయమనవచ్చు. జుట్టు కోసమని ఆ మాత్రలను మాత్రం సొంతంగా ఆపకూడదు. అవి వేసుకుంటున్నది క్యాన్సర్ తిరిగి రాకుండా ఉండేందుకు.